హారన్ కింద పడ్డ పిలుపు

"బిడ్డా, మా ముసలాయన ముచ్చట్లయితే పంపినవు. గని ఆయన పిలుపేదే?"

ఫోన్ల గోపమ్మ అడిగింది స్వర్ణలతకు సమజ్ గాలేదు. చెవుల మీది హెడ్‌ఫోన్ ఒకదిక్కు జరిపి, "ఏం పిలుపు పెద్దమ్మా?" అన్నది.

"గొర్ల పిలుపు. ముచ్చట నడుమల గొర్లు రోడ్డెక్కబోతే ఆయన పిలిచిండు గదా. ఆనాడు సద్ది తెచ్చి నేను పక్కనే ఉన్న. నువ్వు పంపినదాంట్ల మాటలు ముత్యాల్లెక్క వినొస్తున్నయి. ఆ పిలుపు కాడికి వచ్చేసరికి మనిషే మాయమైండు."

"చూస్త పెద్దమ్మా. ఉన్నదాన్ని ఎవ్వలెత్కపోతరు?"

"జర జల్ది చూడు బిడ్డా. గొర్లను సోమారం సంతకు తీస్కపోయి అమ్ముత అంటుండు మా తమ్ముడు."

గోపమ్మ ఎవరో స్వర్ణలతకు అప్పటికి గొంతుతోనే ఎరుక. మనిషిని చూడలేదు. ఆమె మొగడు పర్వతాలును కూడ చూడలేదు గని, ఆయన దగ్గు ఎట్లుంటదో, నవ్వబోయే ముందు ముక్కుతోని ఎట్ల గాలి ఇడుస్తడో చెప్పగలదు. ఆమె కొలువు అసుంటిది. భువనగిరి బస్టాండు ఎనుక జిరాక్సు దుకాణం మీద రెండు గదుల ఆఫీసు. చౌరస్తాల కాడ, సంతల్ల, చాయ హోటళ్ల ముంగట జనం మాట్లాడిన ముచ్చట్లు రికార్డు చేసుకొస్తే, ఆ రొదంతా తీసేసి, మాటను మాటగా టైపు చేసి పంపాలె. మన తెలుగు మన తీరుగ కంప్యూటర్లకు నేర్పాల్నని ఎవరో పెద్ద చదువులోళ్లు మొదలువెట్టిన పని అది. మైకు పట్టుకొని ఊర్లు తిరిగేది ప్రవీణ్. కూసోని వినేది స్వర్ణలత.

ఆమె ఆలేరు దిక్కు పద్మశాలీల పిల్ల. మగ్గం చప్పుట్ల పుట్టి, ఆ చప్పుట్లనే నిద్రపోయి పెరిగింది. ఆ ఇంట్ల మాట వినాల్నంటే మగ్గాన్ని చెవిలోనే పక్కకు నూకాలె. అందుకే ఈ పనిల చేరినప్పుడు వాళ్ల నాయిన, "గిది నీకు పుట్టుకతోనే వచ్చిన ఇద్దె" అని నవ్విండు.

పర్వతాలు ముచ్చట ఎండకాలంలది. చిట్యాల కాడ పెద్ద రోడ్డు దాటుతానికి మందను ఆపి నిలవడితే ప్రవీణ్ పోయి పలకరించిండు. గొర్ల రోగాల సంగతి, మేతకు దూరం పోయిన సంగతి, బాగనే చెప్పిండు ముసలాయన. వానలు మొదలైనంక ఒకనాడు పొద్దుగాల దొడ్డి కాడనే కూలవడ్డడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట పోయింది. దవాఖానల ఉంచి, ఇంటికి తెచ్చినంక కూడ మాట తిరిగి రాలేదు. ఎవరన్న పలకరిస్తే మొఖం గోడ దిక్కు తిప్పుతడు. ఆయన గొంతన్న ఇందామని గోపమ్మ అడిగితేనే స్వర్ణలత ఆ ముచ్చట్లు ఫోన్ల పంపింది.

మందను గోపమ్మ తమ్ముడు భిక్షపతి కాస్తున్నడు. కాస్తున్నడని ఆయన అంటడు గని, గొర్లే ఆయన్ను ఉరికిస్తున్నయి. ఆయన పిలిస్తే రావు. ఒకసారి ఎవరిదో పత్తిచేన్ల పడ్డయి, ఒకసారి లారీల నడుమకు పోయినయి. "నా తోని గాదక్కా, అమ్మేద్దాం" అని సంత దినం ఖాయం చేసిండు. గోపమ్మ భయం గొర్ల గురించి కాదు. పొద్దుమూకంగ మంద దొడ్డికి వచ్చేటప్పుడు ఒక్కసారే ముసలాయన గోడ దిక్కు నుంచి మొఖం ఇటు తిప్పుతడు. ఆ మంద గూడ పోతే ఇగ ఎటు తిప్పుతడు? అందుకే ఆయన పిలుపు దొరికితే ఫోన్ల పెట్టి వినిపిస్తెనన్న గొర్లు వస్తయేమోనని ఆమె ఆశ.

స్వర్ణలత ఆ ఫైలు తెరిచింది. తను టైపు చేసినదే. ఒకకాడ పర్వతాలు అంటుండు: "మాకు గొర్రె అంటే ఇంట్ల మనిషే బిడ్డా." దాని కింద తన చేతితోనే బ్రాకెట్ల రాసుంది: నిశ్శబ్దం. దాని కింద మళ్ల ఆయనే: "ఆఁ, ఏమంటివి?"

చిట్యాల రోడ్డు మీద నిశ్శబ్దం! రాసినప్పుడు ఆ మాట తనకు నవ్వు గూడ తెప్పియ్యలేదు. ఇప్పుడు చెంపలు వేడెక్కినయి.

ఆఫీసుల పద్ధతి ఏందంటే, రోడ్డు మీది రికార్డింగు ఏదైనా మొదలు శుద్ధి సాఫ్ట్‌వేర్‌ల పోస్తరు. అది మనిషి మాట ఎట్లుంటదో వేలకొద్ది గొంతులు విని నేర్చుకున్నది. మాట లెక్క అనిపిస్తే ఉంచుతది, అనిపియ్యకపోతే రొద కింద జమకట్టి తుడిచేస్తది. తుడిచిందే టైపుకు వస్తది. పని సులువు, చెవులకు హాయి. అసలు రికార్డింగు ఇంకో డబ్బల భద్రంగ ఉంటది గని దాని మొఖం ఎవరు చూస్తరు?

ఆమె అసలుది తీసి పెట్టుకున్నది.

ఒక్కసారే చిట్యాల వచ్చి చెవుల్ల పడ్డది. లారీల గుర్రు, గాలి మైకును కొట్టే దబదబ, హోటలు కాడ జనరేటరు, చెరుకు రసం బండి గంటలు. ఆ రొద నడుమ పర్వతాలు, దూరం నుంచి మాట్లాడుతున్నట్టు. "మాకు గొర్రె అంటే ఇంట్ల మనిషే బిడ్డా." తర్వాత, ఆమె నిశ్శబ్దం అని రాసిన కాడ, అంగిట్ల నాలుక కొట్టిన చప్పుడు. ట్క, ట్క. ఆ ఎంబడే పెదవులు అదిరిచ్చి, "బుర్ర్ర్ర్..." ఆ మీద లారీ హారన్, చెవులు పలిగేటట్టు. హారన్ తోక ఇంకా ఉండంగనే, "హోఓఓ..." అని ఒక పెద్ద కేక. తర్వాత గొర్ల మెడగంటలు, డెక్కల చప్పుడు దగ్గరికి వచ్చుడు. నవ్వు. "ఆఁ, ఏమంటివి?"

స్వర్ణలత హెడ్‌ఫోన్ తీసింది. నాలుక చప్పుడు మాట కాదు. పెదవుల అదురు మాట కాదు. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, దానికి నేర్పింది అదే. చెవులు పెట్టి వినకుండ దాని మాట నమ్మింది తను.

మొదలు టైపు చేసినదాన్ని దిద్దింది. "గొర్లను పిలిచిండు. నాలుక చప్పుడు, పెదవుల అదురు, నడుమ హారన్ వల్ల వినరాలేదు, చివర కేక" అని రాసింది. తర్వాత పిలుపు పని పట్టింది.

ఈసారి మాటల సాఫ్ట్‌వేర్‌ను ముట్టలేదు. చేతితోనే చేసింది. మనిషి గొంతు దిగని లోతుల ఉన్న గుర్రును ఒక వడపోతతోని కోసేసింది. లారీ ఇంజను, గాలి దబదబ సగానికి సగం పోయినయి, గొంతు చెక్కుచెదరలేదు. ఎవరూ మాట్లాడని ఒక చిన్న ముక్క ఏరుకొని, జనరేటరు రొద నమూనా అందుల నుంచి తీసి, ఆ రొదను మొత్తంల నుంచి మెల్లగ తగ్గించింది. మొత్తం గుంజబోతే గొంతు నీళ్లల్ల మునిగి మాట్లాడినట్టు బుడబుడమంటది, అది ఆమె ఎన్నోసార్లు చూసిందే. అందుకే కొంత రొద ఉండనిచ్చింది. ట్క, ట్క తేటగ వచ్చినయి. బుర్రు కూడ వచ్చింది. ఎంత సక్కగ వచ్చిందంటే, పక్కసీట్ల ప్రవీణ్ ఉలిక్కిపడి, "అక్కా, ఆఫీసులకు మేకలొచ్చినయా?" అన్నడు.

"మేకల్రాలేదు గని, నీ హారన్ తోని సస్తున్న. ఇటు రా."

ప్రవీణ్ కుర్చీ జరుపుకొని వచ్చిండు. తెర మీద చప్పుడు బొమ్మ ఉన్నది. హారన్ ఒక గీత కాదు, నిచ్చెన లెక్క మెట్టు మీద మెట్టు.

"ఆ మెట్లన్ని కోసెయ్యి" అన్నడు.

"కోసిన. చూడు." ఒక్కొక్క మెట్టు తీసి వినిపించింది. హారన్ సన్నబడ్డది. దాని కింద ఏమీ మిగల్లేదు, సొట్టవోయిన గాలి చప్పుడు తప్ప. "జనరేటరు ఒకటే తీరుగ మోగుతది, దాన్ని పట్టుకోవచ్చు. హారన్ అట్లగాదు. ముసలాయన గొంతు ఎక్కడున్నదో అక్కడ్నే అది కూసున్నది, ఆయన కంటె ఎన్నో వంతులు పెద్దగ. రెండిటిని మైకు ఒక్కటే చేసి రాసుకున్నది. ఇప్పుడు దాన్ని తీస్తె ఈయన గూడ పోతడు."

"మరి ఆ హో?"

"దాని సంగతి మాట్లాడకు. నీ పుణ్యమే అది." కేక కాడ అలలు పైకి లేచి, నెత్తి మీద కత్తివెట్టి కోసినట్టు సాపుగ ఉన్నయి. "మైకు సౌండు మట్టం అంత పెంచి పెట్టినవ్. ఆయన కేకేస్తే అందుల పట్టక నెత్తి తెగింది."

"మెల్లగ మాట్లాడుతుండని పెంచిన అక్కా. గొర్ల కాపరి నడుమల కేకేస్తడని నాకేమెరుక?"

"గొర్ల కాపరి కేకెయ్యక పాట పాడుతడా?"

కోసిన నెత్తిని గుండ్రంగ చేసే పనిముట్టు ఒకటున్నది. నొక్కింది. కేక జర మెత్తబడ్డది. "గని ఇది గుట్ట నెత్తి తవ్వేసినంక మళ్ల మట్టి పోసినట్టే. చూడనీకి గుట్ట లెక్కనే ఉంటది. మట్టి మాత్రం మనది."

ప్రవీణ్ గడ్డం గోక్కున్నడు. "హారన్ కాడ ఖాళీ ఉంచుడెందుకు? ఆ బుర్రునే కాపీ కొట్టి అతికియ్యి. గొర్లకేం తెలుస్తది?"

స్వర్ణలత చెయ్యి మౌస్ మీద ఆగింది. అతికియ్యొచ్చు. రెండు నిమిషాల పని. మగ్గం మీద పోగు తెగితే వాళ్లమ్మ ముడేసి అతుకుతది, అతుకు కంటికి ఆనదు. గని ఆ పోగు రంగు అమ్మకు ఎరుక. ఇక్కడ ఏ రంగు పోగు పోయిందో ఎవరికెరుక?

"వద్దు" అన్నది. "ఆయన ఏం చేసిండో మనకు తెల్వదు. తెల్వనిదాన్ని ఆయన నోట్ల పెట్టొద్దు. ఖాళీ ఖాళీగనే ఉండని. ఫోన్ల పంపుడు గాదు, మనమే పోదాం. నీ బ్లూటూత్ స్పీకర్ డబ్బా తీసుకో, గట్టిగ వినవడాలె."

ఆదివారం పొద్దు వాలంగ పోయిన్రు. చిట్యాల దాటి, పత్తిచేన్ల నడుమ మట్టిబాట పట్టుకొని ప్రవీణ్ బండి మీద. ఊరి చివర ముళ్లకంప దొడ్డి, దాని ముంగట రేకుల ఇల్లు. అరుగు మీద మంచంల పర్వతాలు, గోడ దిక్కు తిరిగి. గోపమ్మ ఎదురొచ్చి స్వర్ణలత రెండు చేతులు పట్టుకున్నది.

"గింత సన్నగున్నవేందే? ఫోన్ల గొంతేమో గింత పెద్దగుంటది."

భిక్షపతి కట్టె మీద గడ్డం ఆనిచ్చి నిలవడ్డడు. మంద బాట అవతలి బీడుల ఆగి ఉన్నది, రమ్మంటే రాకుండ. "నా గొంతు పోయింది అక్కా పిలిచి పిలిచి. ఇగ మిషిని పిలుస్తదట, చూద్దాం."

ప్రవీణ్ డబ్బాను దొడ్డి గుంజ మీద పెట్టిండు. స్వర్ణలత ఫోన్ నొక్కింది.

ట్క, ట్క. బుర్ర్ర్ర్...

బీడుల తలకాయలన్నీ ఒక్కసారి లేచినయి. అరుగు మీద పర్వతాలు మొఖం ఇటు తిరిగింది. మందకు ముంగల నడిచే నల్లమొఖం గొర్రె చెవులు నిక్కించి బాట మీదికి వచ్చింది. దాని ఎనుక ఇంకొన్ని కదిలినయి. గోపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

ఖాళీ వచ్చింది. గొర్రె ఆగింది. ఆ మీద కేక, పగిలిన రేకు లెక్క. నల్లమొఖంది బెదిరి, డబ్బా దిక్కు ఒకసారి చూసి, ఎనుకకు మర్లి బీడులకు పోయింది.

రెండోసారి వినిపించిన్రు. ఈసారి బాట దాకా గూడ రాలేదు. మూడోసారి తలకాయలే లేవలేదు.

"గొర్లకు గూడ నకిలీ సరుకు తెలుస్తది" అన్నడు భిక్షపతి. ఎక్కిరించుడు కాదు, అలిసిపోయిన గొంతుతోనే అన్నడు. "రేపు పొద్దుగాల ఆటోట్రాలీ వస్తది అక్కా."

స్వర్ణలత ఫోన్ కిందికి దించింది. "పెద్దమ్మా, నడుమల హారన్ మోగింది. దాని కింద ఆయన ఏదో చేసిండు. అది తియ్యనీకి నా తోని కాలేదు. ఎవ్వల తోని కాదు. ఆ కేక గూడ సగం నేను చేసిందే. మీరు ఆశపడ్డరు, నేనే ముందుగల చెప్పవలసి ఉండె."

గోపమ్మ డబ్బానే చూస్తున్నది. "ఇంకొక్కసారి పెట్టు. గొర్లకు గాదు. నాకు."

పెట్టింది. గోపమ్మ పెదవులు కదిలినయి. మందను ఇడిసేది, తోలుకొచ్చేది ఎన్నడూ మొగాయన పని. ఆమెది గొర్రెపిల్లలకు పాలు పట్టుడు, దొడ్డి ఊడ్చుడు. ఆ పిలుపు రోజూ చెవుల పడ్డదే గని, తన నోట్లకు ఎప్పుడూ తీసుకోలేదు. సిగ్గుపడుకుంటనే నాలుక కొట్టింది. ట్క, ట్క. బుర్రు. ఎంబడే "హోఓ" అన్నది.

అరుగు మీద టపామని చప్పుడైంది. పర్వతాలు ఎడమచేత్తోని మంచం పట్టె మీద కొట్టిండు.

అందరు ఎనుకకు మర్లి చూసిన్రు. ఆయన కండ్లు ఎర్రగున్నయి. తల అడ్డంగ ఊపుతున్నడు.

"ఏందయ్యా? తప్పా?" అన్నది గోపమ్మ. మళ్ల పిలిచింది. మళ్ల టపామన్నది పట్టె. "ఏడ తప్పు? గీడనా?" నాలుక కొట్టి చూపింది. ఆయన కొట్టలేదు. బుర్రు అన్నది. కొట్టలేదు. హో అనబోయింది. టపా.

"నడుమల్నే" అన్నది స్వర్ణలత మెల్లగ. "హారన్ కాడ."

గోపమ్మ పోయి మంచం కాడ కూసున్నది. "చెప్పు మరి. దవాఖానలకెల్లి వచ్చినసంది గోడకే చెప్తున్నవ్. నాకు చెప్పు."

ఆయన నోరు తెరిచిండు. మాట రాలేదు. పెదవులు ముంగటికి తెచ్చి ముడువబోయిండు. ఎడమపక్క ముడిచింది, కుడిపక్క జారిపోయింది. గాలి మాత్రం సుయ్యిమని లోపలికి పోయింది. చొంగ కారింది. గోపమ్మ కొంగుతోని తుడిచి, "ఇంకోసారి" అన్నది. మళ్ల పెదవులు అట్లనే ముంగటికి వచ్చినయి. ఆమె ఆ సగం నోటినే చూసుకుంట ఉన్నది. చూసి చూసి ఆమె మొఖం ఎర్రగైంది.

"ఓయమ్మో! గింతమంది ముంగట ముద్దడుగుతుండు గదే ముసలోడు!"

భిక్షపతి పక్కున నవ్విండు. ప్రవీణ్ అటు తిరిగి నవ్విండు. పర్వతాలు ఎడమపక్క మొఖం గూడ నవ్వింది. నవ్వుకుంటనే పట్టె మీద ఒక్కటి కొట్టిండు, ఎగతాళి ఆపి పిలువుమన్నట్టు.

గోపమ్మ లేసి దొడ్డి కాడికి వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకున్నది. నాలుక కొట్టింది. పెదవులు అదిరిచ్చింది. తర్వాత చంటిపిల్లను దగ్గరికి పిలిచినట్టు చప్పరిస్తూ ముద్దుల మీద ముద్దులు గాలిల పెట్టింది. చివరికి "హోఓఓ" అని ఇడిసింది. కేక ఆయనది లెక్క లేదు. ఆడగొంతు, సన్నగ, జర వణుకుడుతోని.

నల్లమొఖం గొర్రె తల ఎత్తింది. బాట కాడికి వచ్చి ఆగింది. గోపమ్మ మళ్ల పిలిచింది, ఈసారి ముద్దులకాడ జరసేపు నిలిచి. గొర్రె బాట దాటింది. తొందరేం లేదు దానికి, వాసన చూసుకుంట, అనుమానంగనే వచ్చింది. దాని ఎనుక ఒకటి, ఆ ఎనుక గుంపు. కొన్ని అక్కడ్నే నిలవడ్డయి. వాటి ఎంబడి భిక్షపతి ఉరికిండు, తిట్టుకుంట.

"పెద్దమ్మా, మీ పిలుపు రికార్డు చేసుకుంట" అన్నడు ప్రవీణ్ ఉషారుగ. "మట్టం తక్కువే పెడ్త ఈసారి."

"నాదేం పిలుపు బిడ్డా, ఇంకా రానే లేదు. రేపు రా, ఎల్లుండి రా."

"రేపు సంత గదా అక్కా?" అన్నడు భిక్షపతి, ఆఖరి గొర్రెను నూకుకుంట వచ్చి.

"ఆ ఆటోట్రాలీ ఆయనకు ఫోన్ చెయ్యి. రావద్దను" అన్నది గోపమ్మ. "పొద్దుగాల నేను ఇడుస్త. నువ్వు ఎనుక ఉండు. మీ బావ గీడ కూసోని తప్పులు పడ్తడు. వేరే పనేమున్నది ఆయనకు?"

స్వర్ణలత డబ్బాను సంచిల పెట్టుకున్నది. దొడ్డి తడిక అడ్డం పెట్టబోతున్న గోపమ్మ ఒక గొర్రెపిల్లను తల్లి దిక్కు కాకుండ వేరే దిక్కు నూకినట్టుంది. అరుగు మీద పట్టె మళ్ల టపామన్నది.

"ఇన్నవా బిడ్డా?" అన్నది గోపమ్మ, ఎనుకకు తిరగకుండనే. "ఇగ రాత్రిదాకా గిదే లొల్లి."

పిల్లను రెండు చేతుల ఎత్తి, తల్లికాడ దించింది. పట్టె చప్పుడు ఆగింది.